‘అలారం మోగట్లేదు’ అన్నవారికి ఏం రాయాలి?

“కొత్త ఫోన్ కొన్నాను. అప్పట్నుంచి పొద్దున 7 గంటల అలారం వేళకు మోగట్లేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాక ఎప్పుడో మోగుతోంది. అమ్మ బీపీ మాత్ర రెండు రోజులు తప్పింది. దండగ యాప్.”

మాత్రల వేళను గుర్తుచేసే ఒక చిన్న యాప్ కింద, గూగుల్ ప్లే స్టోర్‌లో ఎవరో ఒక్క స్టార్ ఇచ్చి ఇలా రాశారనుకుందాం. ఇలాంటి రివ్యూల కింద తరచూ కనిపించే జవాబు మనకు తెలిసిందే: అసౌకర్యానికి చింతిస్తున్నాం, మెయిల్ చేయండి. మర్యాదకు లోటు లేదు. కానీ మర్నాడు పొద్దున 7 గంటలకు ఆ ఇంట్లో అలారం మోగాలంటే ఏం చేయాలో అందులో లేదు.

అది చెప్పాలంటే డెవలపర్ ముందు కారణం పట్టుకోవాలి. రివ్యూతో పాటు ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్ కూడా డెవలపర్ చూసే ప్లే కన్సోల్‌లో సాధారణంగా కనిపిస్తాయి. ఇక్కడ ఉన్నది ఆండ్రాయిడ్ 14. రివ్యూలోనే మరో రెండు ఆధారాలున్నాయి: ఫోన్ కొత్తది, అలారం ఆలస్యంగానైనా మోగుతోంది.

2023 అక్టోబరులో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఒక పద్ధతి మార్చింది. చెప్పిన నిమిషానికే అలారం మోగించాలంటే యాప్‌కు ‘Alarms & reminders’ అనే అనుమతి ఉండాలి. ఇంతకుముందు ఇది దానంతటదే వచ్చేది. ఇప్పుడు చాలా యాప్‌లకు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా, పాత ఫోన్ బ్యాకప్ నుంచి తెచ్చుకున్నా, అది ఆఫ్‌లోనే ఉంటుంది. అనుమతి లేదని తెలిస్తే ఈ యాప్ ‘వీలైనప్పుడు మోగించు’ అనే పద్ధతికి మారిపోతోంది. రాత్రంతా కదలకుండా పడి ఉన్న ఫోన్ బ్యాటరీ ఆదా కోసం అలాంటి పనులను వెనక్కి నెడుతుంది. తెర వెలిగాక అవి కదులుతాయి.

మరి ఇది డెవలపర్‌కు ముందే ఎందుకు కనబడలేదు? ఆయన పరీక్షించే ఫోన్ పాతది, అప్‌డేట్‌తో ఆండ్రాయిడ్ 14కు మారింది. అలా మారిన ఫోన్‌లో అంతకుముందున్న అనుమతి అలాగే నిలుస్తుంది. యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూస్తేగానీ లోపం బయటపడలేదు.

ఇప్పుడు జవాబు రాయాలి. ప్లే స్టోర్‌లో దానికి 350 అక్షరాలే హద్దు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి చోటు ఇంకా తక్కువ. అందులో ఇలా రాయొచ్చు:

“మీ అమ్మగారి మాత్ర తప్పినందుకు క్షమించండి. లోపం మా యాప్‌లోనే ఉంది. ఫోన్ Settings పైన వెతికే పెట్టెలో Alarms & reminders అని కొట్టి, మా యాప్‌కు ఆన్ చేయండి. రేపు సరిగ్గా 7కే మోగాలి. మోగకపోతే యాప్‌లోని ‘సహాయం’ నుంచి రాయండి. సరిచేసిన 2.4.1 వచ్చాక ఇక్కడే చెబుతాం. అప్పటిదాకా ఫోన్ గడియారంలోనూ అలారం పెట్టండి.”

క్షమాపణ ఒక్క వాక్యంలో ముగిసింది, అదీ జరిగిన నష్టాన్ని పేరుపెట్టి చెప్పింది. అనుమతి అడగాల్సింది యాప్ కాబట్టి తప్పు ఫోన్ మీదికి నెట్టలేదు. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఈ మీట ఒక్కోచోట ఉంటుంది, అందుకే దారి చెప్పకుండా వెతకమంది. పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుందో చెప్పింది. అది రేపటి 7 గంటలే. ఐదు నిమిషాల అలారం పెట్టి చూడమంటే లాభం లేదు, ఫోన్ అంతలో గాఢనిద్రలోకి పోదు. విషయం మందులది కాబట్టి, యాప్‌ను పక్కనపెట్టి గడియారాన్ని కూడా నమ్ముకోమంది. ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ మాత్రం అక్కడ అడగలేదు. అది అందరూ చూసే చోటు.

తేదీ ఇవ్వకపోవడమూ కావాలనే. కొత్త వెర్షన్‌ను స్టోర్ పరిశీలించాలి. ఆపైన డెవలపర్లు చాలాసార్లు దాన్ని ముందు కొద్ది శాతం మందికే వదిలి, ఇబ్బంది లేదనుకున్నాకే అందరికీ ఇస్తారు. మొదటిరోజే ‘అప్‌డేట్ చేసుకోండి’ అంటే, వెతికినా దొరకక ఆ మనిషికి రెండోసారి కోపం వస్తుంది. అందరికీ చేరాక పాత జవాబునే దిద్దాలి, ఎందుకంటే ఒక రివ్యూకు ఒకటే జవాబు. దిద్దినదాంట్లో “2.4.1 అందరికీ వచ్చింది. యాప్ తెరిస్తే అదే అనుమతి అడుగుతుంది, ‘అనుమతించు’ నొక్కండి” అంటే సరిపోతుంది.

రాసినవారు స్టార్లు మార్చొచ్చు, మార్చకపోవచ్చు, అది వారిష్టం. ఈలోగా కొత్త ఫోన్ కొని, అలారం మోగక స్టోర్ తెరిచిన ఇంకొకరు తన ఫిర్యాదు రాయబోయే ముందు ఆ జవాబు చదువుతారు. అక్కడికక్కడే ఆ మీట వెతికి ఆన్ చేసుకుంటారు.