బెండు దగ్గర పోయిన గాలి

"ఫ్యాన్ గిర్రున తిరుగుతోందండీ. కానీ పోపు పెడితే ఘాటంతా మా మొహాలకే కొడుతోంది," అన్నారు వంట మాస్టారు, కండువాతో కళ్లు తుడుచుకుంటూ. విజయవాడ దాటాక హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ హాల్ వంటశాల అది. నాలుగు పెద్ద గ్యాస్ పొయ్యిలు, వాటి మీద స్టీలు హుడ్, హుడ్ నుంచి గోడ వెంట డాబా మీదికి వెళ్లే రేకు డక్ట్, డాబా మీద ఐదు హార్స్‌పవర్ బ్లోయర్. అన్నీ కొత్తవే. అయినా సాంబారుకి పోపు వేసిన ప్రతిసారీ వంటశాలలో ఉన్నవాళ్లందరూ దగ్గుతున్నారు.

నేను వెళ్లేసరికే ఆ ఇంటి యజమానికి రెండు జవాబులు దొరికి ఉన్నాయి. బ్లోయర్ అమ్మినవాళ్లు, "మా ఫ్యాన్ టెస్ట్ చేసి పంపిందే సార్, లోపం డక్ట్‌లో ఉంది" అన్నారట. డక్ట్ వేసినవాళ్లు, "డ్రాయింగ్‌లో ఉన్నట్టే వేశాం, ఫ్యాన్‌కే దమ్ము లేదు" అన్నారట. చివరికి తేలిందేమిటంటే ఇద్దరూ చెప్పింది నిజమే. ఫ్యాన్‌లో లోపం లేదు, డక్ట్‌లోనూ లేదు. రెండూ కలిసిన చోట ఉంది.

ఇది అర్థం కావాలంటే ముందు ఫ్యాన్‌ని ఎలా ఎంచుకుంటారో చూడాలి. కొబ్బరి బోండాంలో గొట్టం పెట్టి మెల్లగా పీలిస్తే నీళ్లు హాయిగా వస్తాయి. అదే గొట్టంతో గబగబా పీల్చబోతే బుగ్గలు లోపలికి పోతాయి. గొట్టం మారలేదు, మనం అడిగిన వేగం మారింది. డక్ట్‌లో గాలికీ ఇదే పరిస్థితి. గాలి రెట్టింపు కావాలంటే ఒత్తిడి రెట్టింపు చాలదు, నాలుగింతలు కావాలి. ఆ వంటశాలకు గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలి లాగాలని లెక్క వేశారు. అంత గాలి కదిలితే హుడ్, జిడ్డు ఫిల్టర్లు కలిసి 20, డక్ట్ దాని మలుపులు 22, చివర గాలి బయటికి పోయే చోట 8, మొత్తం 50 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ఒత్తిడి ఖర్చవుతుంది. అదే డక్ట్‌లో 5,000 మాత్రమే లాగితే 12.5 చాలు. గళ్ల కాగితం మీద అడ్డంగా గాలి, నిలువుగా ఒత్తిడి వేసి ఈ చుక్కలన్నీ కలిపితే సున్నా దగ్గర మొదలై పోనుపోను నిటారుగా లేచే గీత వస్తుంది. దాన్నే సిస్టమ్ కర్వ్ అంటారు.

ఫ్యాన్ గీత దీనికి ఎదురు నడుస్తుంది. ఒకే వేగంతో తిరిగే బ్లోయర్ మీద అడ్డంకి పెంచుతూ పోతే అది తోసే గాలి తగ్గుతూ పోతుంది. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకునే చోటే ఆ ఫ్యాన్ ఆ డక్ట్‌లో నడుస్తుంది, ఇంకెక్కడా నడవదు. క్యాటలాగ్ ముందు పెట్టుకుని 10,000 దగ్గర 50 ఇచ్చే బ్లోయర్‌ని పట్టుకోవడమే ఎంపిక. ఈ హాల్ విషయంలో ఆ పని సరిగ్గానే జరిగింది. ఆ బ్లోయర్ గీతను చూస్తే 10,000 దగ్గర 50, 9,000 దగ్గర 60, 8,450 దగ్గర దాదాపు 64 ఉన్నాయి.

డాబా మీద డక్ట్ మధ్యలో, బ్లోయర్‌కి చాలా ముందుగా, చిన్న కన్నాలు వేసి పిటాట్ ట్యూబ్‌తో అడ్డంగా ఇరవై చోట్ల వేగం కొలిచాను. సగటున సెకనుకు 12 మీటర్లు వచ్చింది. డక్ట్ వ్యాసం అర మీటరు కాబట్టి గంటకు సుమారు 8,450 ఘనపు మీటర్లు. రావలసిన దాంట్లో ఆరో వంతు లేదు. ఒత్తిడి కూడా కొలిచి, గాలి వేగం వల్ల వచ్చే భాగాన్ని సరిచేసి చూస్తే 36 మిల్లీమీటర్లు. 8,450 గాలికి ఆ డక్ట్ సరిగ్గా అంతే అడగాలి. అంటే డక్ట్ వేసినవాళ్లు తప్పు చేయలేదు. కానీ అదే గాలి దగ్గర బ్లోయర్ 64 ఇవ్వాలి. టాకోమీటర్ పెడితే వేగం సరిగ్గా ఉంది, తిరిగే దిశ కూడా సరైనదే. మరి ఆ 28 మిల్లీమీటర్లు ఎటు పోయాయి?

డక్ట్ గోడ పక్కనుంచి నిలువుగా లేచి, పిట్టగోడ దాటగానే తొంభై డిగ్రీలు తిరిగి, తిన్నగా బ్లోయర్ నోట్లోకి దూరింది. మధ్యలో జానెడు క్యాన్వాస్ ముక్క తప్ప ఏమీ లేదు. ఆ మలుపైనా గుండ్రంగా లేదు. రెండు రేకు గొట్టాల్ని ఏటవాలుగా కోసి ఒకదానికొకటి అతికిన మూల బెండు. ఇంతకు మించిన జాగా లేదని అలా కుదించారు.

గాలి అలాంటి మూల తిరిగేటప్పుడు లోపలి అంచుని వదిలేసి బయటి గోడకు అతుక్కుని పోతుంది. కాస్త దూరం తిన్నటి గొట్టం ఉంటే మళ్లీ సర్దుకుని నిండుగా పరుచుకుంటుంది. ఇక్కడ ఆ సర్దుకునే దూరమే లేదు. బ్లోయర్ నోటిలో ఒక సగానికి గాలి తోసుకొస్తోంది, రెండో సగం దాదాపు ఖాళీ. చక్రంలో ప్రతి రెక్కా ఒక్కో చుట్టులో ఒకసారి నిండు గాలినీ ఒకసారి వట్టి చోటునీ తింటోంది. బ్లోయర్ కేసింగ్ మీద చెయ్యి వేస్తే ఆ అదురు తెలిసిపోయింది, అదొక రకమైన గుడగుడ. దీనికి తోడు మలుపు వల్ల గాలి సుడి తిరుగుతూ వస్తే ఇంకో ఇబ్బంది. సుడి చక్రం తిరిగే వైపే ఉంటే రెక్కలకు పట్టు దొరకదు, ఒత్తిడీ కరెంటూ రెండూ తగ్గుతాయి. ఎదురు తిరిగితే మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది.

దీన్నే సిస్టమ్ ఎఫెక్ట్ అంటారు. బెండులో గాలి రాసుకోవడం వల్ల పోయే ఒత్తిడి దీనికి వేరు, అది డక్ట్ లెక్కలో ఎప్పుడో కలిసిపోయింది. ఇది ఫ్యాన్ పుట్టించలేకపోయిన ఒత్తిడి. అందుకే డక్ట్‌లో ఎక్కడ గేజీ పెట్టినా విడిగా కనబడదు, ఫ్యాన్ గీతకూ కొలిచిన చుక్కకూ మధ్య ఖాళీగా మాత్రమే తెలుస్తుంది. చాలామంది ఇంజినీర్లు కూడా ఇక్కడే పొరబడతారు.

క్యాటలాగ్‌లో ఉన్న గీత అబద్ధం కాదు. దాన్ని ప్రయోగశాలలో, గాలి నోట్లోకి ఏ అడ్డూ లేకుండా నున్నగా వచ్చేలా, బయటికి తిన్నటి గొట్టంలోకి పోయేలా పెట్టి కొలుస్తారు. మన డాబా మీద ఆ రెండూ లేకపోతే ఆ గీత మనది కాదు. ఈ తేడాను అంచనా వేయడానికి ఆమ్కా అనే అమెరికా ఫ్యాన్ తయారీదారుల సంఘం ప్రచురించిన 201 నంబరు పుస్తకంలో పట్టికలున్నాయి. నోటి దగ్గర గాలి వేగం నుంచి వచ్చే ఒత్తిడిని ఒక గుణకంతో హెచ్చిస్తే నష్టం వస్తుంది. తిన్నటి గొట్టం లేకుండా నోటికి అతికిన మూల బెండుకు ఆ గుణకం సుమారు 3.2. మధ్యలో వ్యాసానికి రెండింతల గొట్టం ఉంటే 1.9కి దిగుతుంది. మన హాల్‌లో 10,000 గాలికి నోటి దగ్గర వేగం సెకనుకు 14 మీటర్లు, దానికి సమానమైన ఒత్తిడి 12 మిల్లీమీటర్లు, నష్టం 39. అంటే ఆ అమరికతో 10,000 కావాలంటే 50 చాలదు, 89 కావాలి. అదే లెక్కన 8,450 దగ్గర నష్టం 28. కనబడకుండా పోయిన 28 ఇదే. ఇంత చక్కగా ప్రతిసారీ కలవదు. ఒక్కో రకం చక్రం ఒక్కోలా స్పందిస్తుంది కాబట్టి ఆ గుణకాలు అంచనాలే.

బయటికి పోయే వైపూ ఇలాంటిదే జరుగుతుంది. బ్లోయర్ నుంచి వెలువడే గాలి మూతి నిండా సమంగా రాదు, నత్తగుల్ల ఆకారపు కేసింగ్ బయటి అంచు వెంట ఒక పక్కగా దూసుకొస్తుంది. అది పరుచుకుని వేగాన్ని ఒత్తిడిగా మార్చుకోవడానికి సెకనుకు 12, 13 మీటర్ల వేగం వరకు వ్యాసానికి రెండున్నర రెట్ల తిన్నటి గొట్టం కావాలి. ఆ పైన పెరిగే ప్రతి 5 మీటర్ల వేగానికి ఇంకో వ్యాసం కలపాలి. మూతికే బెండు బిగిస్తే ఆ మార్పు జరగదు. బెండు ఏ వైపు తిరిగిందన్న దాన్ని బట్టి కూడా నష్టం మారుతుంది. ఈ హాల్‌లో అదృష్టవశాత్తూ బయటి వైపు నిలువు గొట్టం తిన్నగానే ఉంది.

నేను వెళ్లక ముందు వాళ్లు ఒక వైద్యం చేసి చూశారు. పుల్లీ మార్చి వేగం పెంచారు. 8,450ని 10,000 చేయాలంటే వేగం 18 శాతం పెరగాలి. కానీ మోటారు మీద భారం వేగంతో సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. 18 శాతం వేగానికి భారం 65 శాతం పైన. అంతకు ముందు రెండున్నర కిలోవాట్లు లాగుతున్న మోటారు నాలుగు దాటింది, దాని సామర్థ్యమేమో 3.7. ఒక పెళ్లి రోజున భోజనాల వేళకు ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయింది. పాత పుల్లీ మళ్లీ ఎక్కించారు. ఏడున్నర హార్స్‌పవర్ మోటారు పెట్టుకుంటే నడిచేదే. కాకపోతే పొయ్యి వెలిగినంతసేపూ బెండు కోసం రెండు కిలోవాట్ల దాకా కట్టాలి.

ఫ్యాన్ కొనేటప్పుడే ఈ 39ని లెక్కలో వేసుకుని పెద్దది తీసుకుంటే సరిపోదా అని యజమాని అడిగారు. జాగా మార్చడానికి అసలు వీల్లేనప్పుడు అదే మార్గం. అప్పుడు కూడా ఎంచుకున్న చుక్క ఫ్యాన్ గీత శిఖరానికి దగ్గరగా ఉండకూడదు. ముందుగా లెక్కించని అడ్డంకి ఆ చుక్కను ఎడమకు నెడుతుంది, శిఖరం దాటిందంటే గాలి నిలకడ తప్పి బ్లోయర్ ఆగి ఆగి ఊపిరి తీస్తున్నట్టు మోగుతుంది.

ఈ హాల్‌లో డాబా మీద మరో మీటరున్నర ఖాళీ ఉంది, పాత నీళ్ల ట్యాంకు దిమ్మ తీసేస్తే. బ్లోయర్‌ని స్టాండుతో సహా వెనక్కి జరిపారు. మూల బెండు తీసి వ్యాసానికి ఒకటిన్నర రెట్ల వంపుతో ఐదు ముక్కల గుండ్రటి బెండు వేశారు. దానికీ బ్లోయర్‌కీ మధ్య మీటరున్నర, అంటే మూడు వ్యాసాల తిన్నటి గొట్టం బిగించారు. మోటారు, పుల్లీ పాతవే. మళ్లీ ఇరవై చోట్ల కొలిస్తే గంటకు 9,700 దరిదాపుల్లో వచ్చింది. ఆ కొంచెం లోటు కోసం పుల్లీ మార్చి వేగం 3 శాతం పెంచాం. టాంగ్ టెస్టర్‌తో చూస్తే మోటారు తన 7.5 ఆంపియర్లకు ఎంతో దిగువనే ఉంది. కేసింగ్ మీద చెయ్యి వేశాను, ఆ గుడగుడ లేదు. కింద మాస్టారు ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు పెట్టారు. పొగ పొయ్యి అంచు దాటకుండా హుడ్‌లోకి పోయింది.