గుట్ట ఎక్కాలా, చుట్టూ తిరగాలా?

ఊరి బయట ఎత్తు మీద నీళ్ల ట్యాంకు ఉంది. అక్కడి నుంచి ఊళ్లోని ట్యాంకుకి పైపు వేయాలి. సూటిగా వెళితే 600 మీటర్లు. కాకపోతే దారిలో 300 మీటర్ల మేర రాతి గుట్ట. చుట్టూ తిరిగి వెళితే 900 మీటర్లు, అంతా మెట్ట నేలే. ఏది చవక? మేస్త్రీని అడిగితే ఒక్క చూపులో చెప్పేస్తాడు. కంప్యూటర్‌కి మాత్రం నేలనంతా గళ్ల కాగితంలా పరిచి, ఒక్కో గడికి ఒక ధర రాసి ఇవ్వాలి.

వాలు లెక్కకు కావలసిన ఎత్తుల పటం హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భువన్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో గడి వెడల్పు సుమారు 30 మీటర్లు. ఎక్కడ మెట్ట, ఎక్కడ మాగాణి, ఎక్కడ అడవి అన్నది భూ వినియోగ పటం చెబుతుంది. ఈ రెండూ కలిపితే ధరల పటం. కలపడంలోనే చాలామంది పొరబడతారు. వాలుకి పదికి ఇన్ని, భూమికి పదికి ఇన్ని అని మార్కులు వేసి సగటు తీస్తారు. అప్పుడు నిట్టనిలువు రాతి బంజరుకీ, చదునైన మాగాణికీ ఒకే మార్కు రావచ్చు. తవ్వకం ఖర్చు, పంట పరిహారం అన్నీ రూపాయల్లోకి మార్చి కూడడం మేలు. అందుకు కాంట్రాక్టర్ల పాత బిల్లులు తిరగేయాలి. విసుగు పనే, తప్పదు.

మన లెక్కలో మెట్ట గడి దాటడానికి 1, గుట్ట గడికి 6 అనుకుందాం. ఒక గడి నుంచి పక్క గడికి అడుగు వేస్తే ఆ రెండు ధరల సగటు పడుతుంది. మూలగా వేస్తే దాన్ని 1.41తో హెచ్చించాలి. కంప్యూటర్ ట్యాంకు గడి దగ్గర సున్నాతో మొదలుపెట్టి, కాగితం మీద నూనె పాకినట్టు నలువైపులా పాకుతుంది. ప్రతిసారీ అప్పటిదాకా తక్కువ మొత్తంతో అందిన గడినే ఖాయం చేసుకుని, అక్కడి నుంచి ముందుకు వెళుతుంది. ప్రతి గడి తన దగ్గరికి ఏ వైపు నుంచి వచ్చారో గుర్తు రాసుకుంటుంది. చివరికి ఊరి ట్యాంకు దగ్గర నిలబడి ఆ గుర్తులు పట్టుకుని వెనక్కి నడిస్తే అదే దారి. డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఈ పద్ధతిని 1959లో ప్రచురించాడు. గ్రాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది రెండు ఆదేశాల పని:

```
r.cost input=dhara output=mottam outdir=dikku start_points=tanki
r.path input=dikku start_points=ooru vector_path=daari
```

సూటి దారిలో 20 అడుగులు. మెట్టలో 9, గుట్ట అంచులు దాటేవి 2, గుట్ట మీద 9. కూడితే 9 + 7 + 54, అంటే 70. చుట్టు దారిలో 30 అడుగులు, మొత్తం 30. పైపు చుట్టూ తిరుగుతుంది. ఇప్పుడు గుట్ట ధరను 6 నుంచి 2కి దించండి. సూటి దారి కూడా సరిగ్గా 30 అవుతుంది. ఇంకాస్త దించితే పైపు గుట్ట ఎక్కేస్తుంది. అందుకే ధరలు అటూ ఇటూ మార్చి నాలుగైదు సార్లు లెక్క వేయించాలి. ప్రతిసారీ ఒకే దారి వస్తే నమ్మవచ్చు. గంతులు వేస్తుంటే ఆ ధరలు ఇంకా గట్టివి కావు.

కాలువల దగ్గర మరో చిక్కు ఉంది. పటంలో కాలువ మూలగా సాగితే దాని గడులు మూలల దగ్గరే ఒకదానికొకటి తగులుతాయి. పైపు ఆ మూల సందులోంచి పైసా ఖర్చు లేకుండా జారిపోతుంది. దారి కాలువను సరిగ్గా గడి మూల దగ్గర దాటుతోందంటే ఇదే జరిగినట్టు. కాలువను రెండు గడుల మందంగా గీస్తే సందు మూసుకుపోతుంది.

అసలు చిక్కు నీటితో. మన ధరల పటానికి వాలు తెలుసు గానీ ఎత్తు తెలియదు. పంపు లేని పథకం, పై ట్యాంకులో నీటిమట్టం 212 మీటర్లు. చుట్టు దారి మధ్యలో, 450 మీటర్ల దగ్గర, 211 మీటర్ల మెల్లని దిబ్బ ఉందనుకోండి. వాలు తక్కువ కాబట్టి ధర 1 మాత్రమే. కానీ పైపు గోడల రాపిడికి కిలోమీటరుకు 4 మీటర్లు పోతే, అక్కడికి చేరేసరికి మిగిలేది 210.2 మీటర్లే. దిబ్బ నెత్తిన పైపులో పీడనం బయటి గాలి కన్నా తగ్గుతుంది. గాలి చేరుతుంది, ధార సన్నగిల్లుతుంది, ఆగినా ఆగుతుంది. అలాంటి ఎత్తు గడులను పటంలో ఖాళీగా వదిలేసి మళ్లీ లెక్క వేయించవచ్చు. ఉపగ్రహ పటంలో ఎత్తులకు కొన్ని మీటర్ల తేడా మామూలే, మనం చూస్తున్నది ఒక్క మీటరు. ఆ దిబ్బ మీద లెవెల్ యంత్రం పెట్టి చూసుకునే దాకా కందకం తవ్వించకండి.