ఉబ్బిన ఇసుక, తగ్గిన కొలత

రాత్రంతా జల్లు పడింది. తెల్లవారితే స్లాబు. మిల్లర్ పక్కన చెక్కపెట్టె పెట్టుకుని, "బస్తాకి ఒకటిన్నర పెట్టె ఇసుక, మూడు పెట్టెల కంకర" అని మేస్త్రీ కూలీలకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. సాయంత్రం దాకా ఆ లెక్క తప్పలేదు. ఇంటాయన కూడా కుర్చీ వేసుకుని పెట్టెలు లెక్కపెడుతూనే ఉన్నాడు. అయినా ఆ రోజు స్లాబులో పడాల్సినంత ఇసుక పడలేదు. ఎవరూ దొంగిలించలేదు. పెట్టె నిండానే పోశారు, కానీ పెట్టెలో ఉన్నదంతా ఇసుక కాదు.

నమ్మకం కుదరాలంటే గుట్ట లోపలి నుంచి కాస్త తడి ఇసుక తీసి, గాజు గ్లాసులో నొక్కకుండా అంచుదాకా పోయండి. తర్వాత మెల్లగా నీళ్లు పోస్తూ పుల్లతో కదపండి. ఇసుక పొంగుతుందనుకుంటాం. అది కిందికి దిగుతుంది, గ్లాసులో దాదాపు అయిదో వంతు ఖాళీ పడుతుంది. కొద్దిగా తడిసినప్పుడు ఉబ్బిన ఇసుక, పూర్తిగా మునిగితే మళ్లీ పొడి ఇసుక కొలతకే వస్తుంది.

రేణువు ఉబ్బదు. దాని చుట్టూ పట్టిన పల్చటి నీటిపొర పక్క రేణువును దగ్గరకు రానివ్వదు, కిందికి జారనివ్వదు. ఆ పొరల బిగువు మీద రేణువులు గుల్లగుల్లగా నిలబడిపోతాయి. నీళ్లు నిండా పోస్తే ఆ బిగువు పోయి, రేణువులు జారి సర్దుకుంటాయి. తేమ బరువులో 4 నుంచి 6 శాతం ఉన్నప్పుడు ఉబ్బు అన్నిటికంటే ఎక్కువ. మామూలు ఇసుక 20 నుంచి 30 శాతం దాకా, సన్న ఇసుక 40 శాతం దాకా ఉబ్బుతుంది. రేణువు సన్నబడేకొద్దీ నీరు పట్టే ఉపరితలం పెరగడమే ఇందుకు కారణం. దుమ్ము ఎక్కువగా ఉండే రోబో శాండ్‌తోనూ ఇదే ఇబ్బంది. కంకరకు ఈ బెడద లేదనే చెప్పవచ్చు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 35 లీటర్లు. అందుకే సైటులో కొలతపెట్టెను 40 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 ఎత్తుతో చేస్తారు. ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్లలో కలిపితే బస్తాకు 52.5 లీటర్ల ఇసుక కావాలి. ఆ పాళ్లు పొడి ఇసుకకు చెప్పినవి. మన ఇసుక 25 శాతం ఉబ్బి ఉంటే, ఒకటిన్నర పెట్టెలో నిజంగా ఉన్నది 42 లీటర్లే. బస్తాకు పదిన్నర లీటర్లు కొరత. పాళ్లు ఒకటికి 1.2, మూడుగా మారిపోయాయి.

ఇసుక తగ్గితే సిమెంటు పాలు పెరిగినట్టే కదా, మంచిదే అనుకునేవాళ్లున్నారు. అది పొరపాటు. కంకర సందుల్ని నింపేది ఇసుకా సిమెంటూ కలిసిన మాలు. అది చాలకపోతే గమేళాలోనే రాళ్లు విడివిడిగా కనిపిస్తాయి, పారకు గరగరమని తగులుతాయి. సెంట్రింగ్ విప్పాక బీము అడుగున, ఇనుము దట్టంగా ఉన్నచోట తేనెపట్టులా గుల్లలు బయటపడతాయి. పైగా మాలు కదలడం లేదని ఎవరో ఒకరు మరో బకెట్ నీళ్లు పోస్తారు, దాంతో బలం పడిపోతుంది. ఖర్చూ పెరుగుతుంది. ఒక్కో బస్తాకు వచ్చే కాంక్రీటు తగ్గడం వల్ల, 100 బస్తాలు పట్టాల్సిన స్లాబుకు సుమారు 5 బస్తాలు అదనంగా పడతాయి. ప్లాస్టరింగ్‌లో ఇదే ఉబ్బు ఒకటికి నాలుగును ఒకటికి 3.2 చేస్తుంది. సిమెంటు ఎక్కువైన ఆ పూత ఆరుతూ ముడుచుకుని సన్నగా బీటలు వారుతుంది.

ఎంత ఉబ్బిందో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. పద్ధతి భారత ప్రమాణం ఐఎస్ 2386 మూడో భాగంలో ఉంది. గోడలు నిటారుగా ఉన్న రేకు డబ్బా కావాలి. ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ పైకి వెడల్పవుతూ పోతుంది కాబట్టి దానితో ఎత్తు లెక్క తప్పుతుంది. గుట్టకు పైన ఎండిన పొర తీసేసి, లోపల నాలుగైదు చోట్ల నుంచి ఇసుక తీయండి. డబ్బాలో మూడింట రెండు వంతుల దాకా వదులుగా పోసి, పైన చదును చేసి, మధ్యలో స్కేలు అడుగుదాకా దింపి ఎత్తు చూడండి. 20 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఆ ఇసుక మొత్తం, రేణువు పోకుండా మరో పాత్రలోకి వంపండి. ఖాళీ డబ్బాలో సగం నీళ్లు పోసి, ఇసుకలో సగం వేసి సన్నటి కడ్డీతో కూరండి. మిగతాదీ వేసి మళ్లీ కూరి, చదును చేసి కొలవండి. ఈసారి 16 వచ్చింది. 20ని 16తో భాగిస్తే 1.25. అంటే ఉబ్బు 25 శాతం.

ఇక సవరణ. 52.5ను 1.25తో గుణిస్తే 65.6 లీటర్ల తడి ఇసుక పోయాలి. కూలీలకు ఈ దశాంశాలు చెప్పి లాభం లేదు. నాకు నచ్చిన మార్గం, ఇసుకకు వేరే పెట్టె చేయించడం. అడుగు కొలత అదే, ఎత్తు మాత్రం ఎక్కువ. లోపలి గోడ మీద 25 దగ్గర పొడి ఇసుక గీత, 31.25 దగ్గర 25 శాతం గీత పెట్టండి. మరుసటి రోజు ఉబ్బు 15 శాతమే ఉంటే గీత 28.75 దగ్గరికి దిగుతుంది. అరపెట్టెకు అందులో సగం ఎత్తున ఇంకో గీత. మేస్త్రీ నోట "ఒకటిన్నర" అనే మాట మారదు, గీత ఒక్కటే మారుతుంది. పైన గుప్పగా వదలకుండా, గీత దగ్గర చదును చేయాలి.

ఇసుక సరిచేసి నీళ్లు మరిచిపోతే సగం పనే అయినట్టు. తడి ఇసుకను 1,050 గ్రాములు తూచి, బాణలిలో పొడిగా రాలేదాకా వేయించి, మళ్లీ తూస్తే 1,000 గ్రాములు వచ్చిందనుకుందాం. తేమ 5 శాతం. బస్తాకు వేసే పొడి ఇసుక సుమారు 84 కిలోలు, దాంతోపాటు వచ్చే నీళ్లు 4 లీటర్ల పైచిలుకు. ఎం20 కాంక్రీటుకు ఐఎస్ 456 బస్తాకు 30 లీటర్ల నీళ్లు చెబుతుంది. ఆ రోజు మిల్లర్లో పోయాల్సింది సుమారు 26 లీటర్లే.

తూకం వేసి కలిపేచోట ఉబ్బు గొడవే లేదు. 84 కిలోల బదులు 88 కిలోల తడి ఇసుక తూచి, నీళ్లలో 4 లీటర్లు తగ్గిస్తే సరి. ఐఎస్ 456 కోరేది కూడా తూకమే. పెట్టె కొలత తప్పనప్పుడు ఉబ్బు సవరణ చేసి తీరాలంటుంది.

ఒకసారి కొలిచిన ఉబ్బు అన్ని రోజులకూ పనికిరాదు. మధ్యాహ్నం ఎండకు గుట్ట పైభాగం ఆరుతుంది, అడుగు చెమ్మగానే ఉంటుంది. కొత్త లోడు దిగినా, వాన పడినా మళ్లీ కొలవాల్సిందే. మీ ఇంటి స్లాబు రోజున మొదటి బస్తా విప్పకముందే ఒక రేకు డబ్బా, ఒక స్కేలు మేస్త్రీ చేతికిచ్చి, "అన్నా, ముందు ఇసుక ఎంత ఉబ్బిందో చూద్దాం" అనండి.