ట్రిప్పు తీసుకునే ముందు డాష్‌బోర్డు లైట్లు

క్యాబ్ డ్రైవర్ డ్యూటీ మొదలుపెట్టే ముందు తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా డాష్‌బోర్డు చూడాలి. ఆయిల్, బ్యాటరీ, బ్రేకు, ఇంజన్ లైట్లు వెలగాలి. వెలగనిదాని బల్బు పోయి ఉంటే, అసలు లోపం వచ్చినా తెలియదు.

ఇంజన్ స్టార్టయ్యాక ఎర్రటి ఆయిల్ లైటు ఆరకపోతే వెంటనే ఆపేయాలి. ఆయిల్ ప్రెజర్ లేకుండా నడిపితే బేరింగులు అరిగి ఇంజన్ పట్టేస్తుంది. కాసేపాగి డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ తగ్గితే పోయాలి. మట్టం సరిగ్గానే ఉన్నా లైటు వెలుగుతుంటే లోపం పంపుదో సెన్సార్‌దో మెకానిక్కే తేల్చాలి. ఆ బుకింగ్ రద్దు చేయాల్సిందే. హ్యాండ్‌బ్రేక్ దించినా ఆరని ఎర్ర బ్రేకు లైటుకూ అంతే.

పసుపు ఇంజన్ లైటు నిలకడగా ఉండి, బండి మామూలుగా లాగుతుంటే ట్రిప్పు ముగించి షెడ్డుకు వెళ్లవచ్చు. అదే మిణుకుమిణుకుమంటే మిస్‌ఫైర్ అని అర్థం. కాలని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కాబట్టి ట్రిప్పు తీసుకోకూడదు.