44 డిగ్రీలు కాసినా వడగాల్పు కాదంటారేంటి?

లెక్క కోసం రెండు ఊళ్లు తీసుకుందాం. పల్నాడులో ఒక ఊరు, ఆ రోజు ఎండ 44 డిగ్రీలు. బందరు వైపు సముద్రం దగ్గర ఇంకో ఊరు, అక్కడ 39. వాతావరణ శాఖ మాత్రం వడగాల్పు బందరు వైపే అంటుంది. పల్నాడు రైతుకి ఒళ్లు మండదా మరి?

కిటుకు 'సాధారణం' అనే మాటలో ఉంది. ఒక చోట ఆ తేదీకి ముప్ఫై ఏళ్లలో నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటే సాధారణం. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 వరకు లెక్క. పల్నాడు ఊరికి సాధారణం 41 అనుకోండి, 44 అంటే మూడే ఎక్కువ. బందరు వైపు సాధారణం 34 అయితే, 39 అంటే ఐదు ఎక్కువ. 4.5 నుంచి 6.4 డిగ్రీల దాకా పెరిగితే వడగాల్పు, అది కూడా దాటితే తీవ్ర వడగాల్పు. అయితే ముందు మైదానంలో కనీసం 40, తీరంలో 37, కొండల్లో 30 తాకాలి. సాధారణంతో పని లేకుండా 45 తాకితే వడగాల్పే, 47 తాకితే తీవ్రం. ఒక్క చోట, ఒక్క రోజు చాలదు. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు ఉంటేనే రెండో రోజు ప్రకటిస్తారు.

ఇక రంగులు. పై వీడియోలో మ్యాప్ చూపించాం కదా, అందులో ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదని. పసుపు అంటే అక్కడక్కడా రెండు రోజులు వడగాల్పు, గమనిస్తూ ఉండమని. నారింజ అంటే తీవ్ర వడగాల్పు రెండు రోజులు, లేదా మామూలుదే నాలుగు రోజులు, సిద్ధంగా ఉండమని. తీవ్రం రెండు రోజులు మించినా, మొత్తం ఆరు రోజులు దాటినా ఎరుపు. అంటే రంగు ఎండ ఎంతో ఒక్కటే చెప్పదు, ఎన్నాళ్లో కూడా చెబుతుంది. మనం దాన్నే మర్చిపోతాం.

ఒక జాగ్రత్త. ఈ రంగులు మనుషుల ఆరోగ్యం కోసం పెట్టినవి, పంట కోసం కాదు. పైగా థర్మామీటరు గాలి ఆడే తెల్లపెట్టెలో, నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున, నీడలో ఉంటుంది. మీ మడిలో ఆచ్ఛాదన లేని నేల మధ్యాహ్నం దానికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. కాబట్టి పల్నాడు రైతు ఆకుపచ్చ చూసి ఊరుకోకూడదు.

మేమైతే పసుపు కనపడగానే కూరగాయ మడుల్లో గడ్డి పలచబడ్డ చోట్ల నింపేస్తాం. నారింజ అయితే జీవామృతం, తడి రెండూ సాయంత్రానికి మారుస్తాం. పన్నెండు నుంచి మూడు దాకా కూలీలనీ, పశువులనీ చేలోకి పోనివ్వం.