శుక్రవారపు జపమాల: పూసలతోపాటు మనసూ కదలాలి

మంగళ, శుక్రవారాల్లో మనము దుఃఖ దేవరహస్యాలను ధ్యానిస్తాము. జపమాలలో ఒక్కొక్క పది పూసల వరుసకు ఒక్కొక్క దేవరహస్యము. క్రమము మీకు తెలిసినదే: రహస్యమును ప్రకటించి, పెద్ద పూసపై పరలోక జపము, పది చిన్న పూసలపై మంగళవార్త జపములు, చివర త్రిత్వ స్తోత్రము చెప్పాలి. అయితే మేము కుటుంబ ప్రార్థనలకు వెళ్లినప్పుడు గమనించేది ఏమంటే, రహస్యమును ప్రకటించిన మరుక్షణమే దానిని మరచిపోతాము. పదవ పూస దగ్గర "ఇప్పుడు ఏ రహస్యము?" అని అడిగితే జవాబు రాదు. ఒకరు ముగించకముందే మరొకరు అందుకుంటున్నారంటే అక్కడ ధ్యానము జరగడము లేదని గుర్తు. ధ్యానము లేని జపమాల ఆత్మ లేని శరీరము వంటిదని ఆరవ పౌలు పాపుగారు 1974లో హెచ్చరించారు.

మొదటి రహస్యమునే తీసుకుందాము: గెత్సేమని తోటలో ప్రభువు వేదన. ప్రకటించాక సువార్తలోని రెండు వచనాలు చదివి, కొద్దిసేపు మౌనముగా ఉండండి. ప్రభువు ఆ రాత్రి మూడుమార్లు ప్రార్థించాడు. కనుక మొదటి మూడు పూసలు ఆయన భయమునకు, తర్వాతి మూడు నిద్రపోయిన శిష్యులకు, ఆ తర్వాతి మూడు "నీ చిత్తము" అన్న సమర్పణకు కేటాయించండి. పదవ పూస దగ్గర ఆయన లేచి, తనను పట్టుకొనవచ్చినవారికి ఎదురువెళ్లాడు. మూడవసారి కూడా ఆయన అవే మాటలతో ప్రార్థించాడని మత్తయి వ్రాశాడు. చెప్పిన మాటే మళ్లీ చెప్పడము విసుగనిపించినప్పుడు దీనిని తలచుకోండి.

రెండవది కొరడా దెబ్బలు. సువార్తికులు దీనిని ఒక్క మాటలో చెప్పి ఊరుకున్నారు. మనమూ ఊహలు పెంచక, శరీర బాధలో ఉన్నవారిని ఆయన చెంతకు తెద్దాము. మూడవది ముళ్ల కిరీటము. సైనికులు మోకరించింది ఎగతాళికి. మన మోకాళ్లు ఎందుకు వంగుతున్నాయి? నాల్గవది సిలువ మోయుట. పొలము నుండి వస్తున్న సీమోను కోరి మోయలేదు, బలవంతముగా మోపించారు. ఇంట్లో మంచమునపడ్డ అత్తగారి సేవ అటువంటి సిలువే కావచ్చు. ఐదవది సిలువపై మరణము. తల్లి అక్కడ నిలిచి ఉన్నది. ఆమెను యోహాను తన ఇంటికి చేర్చుకున్నాడు. మన ఇంట ఆమెకు చోటున్నదా?

మనసు చెదిరితే ఒక పాత పద్ధతి ఉన్నది. మంగళవార్త జపములో యేసు నామము చెప్పగానే ఆ రహస్యమును తెలిపే చిన్న మాట చేర్చండి. మొదటి వరుసలో "మా కొరకు రక్తపు చెమటోడ్చిన", నాల్గవ వరుసలో "మా కొరకు సిలువ మోసిన" అనవచ్చు. రెండవ జాన్ పాల్ పాపుగారు 2002లో వెలుగు దేవరహస్యాలను జోడించిన లేఖలోనే ఈ పద్ధతినీ మెచ్చుకున్నారు.

సమయము చాలకపోతే ఐదు వరుసలను పరుగెత్తించవద్దు. ఒక్క వరుసనే నిదానముగా చెప్పి, మిగిలినవి రాత్రికి ఉంచుకోండి.