లాభం తగ్గినా వడ్డీ తగ్గదు

2012 ఆగస్టులో క్రెడిట్ స్విస్ బ్యాంకు పరిశోధకులు వెలువరించిన ఒక నివేదిక మన బ్యాంకుల్లో గుబులు పుట్టించింది. దేశంలోని పది వ్యాపార గ్రూపుల అప్పు ఐదేళ్లలో ఐదు రెట్లయిందనీ, బ్యాంకులన్నీ కలిసి ఇచ్చిన రుణాల్లో అది 13 శాతమనీ వాళ్లు లెక్క తేల్చారు. ఆ పదింటిలో మూడు తెలుగువాళ్లవే: జీఎంఆర్, జీవీకే, ల్యాంకో. ఆరేళ్లు తిరిగేసరికి ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌ను మూసి, ఆస్తులు అమ్మి బాకీలు తీర్చాలని హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రైబ్యునల్ ఆదేశించింది.

ఇలాంటి ముప్పును ముందే పసిగట్టడానికి ఆడిటర్లు, బ్యాంకర్లు చూసే లెక్కలు నిజానికి చాలా చిన్నవి. ఊహకు రెండు నూలు మిల్లులు తీసుకుందాం. రెండింటిలోనూ పెట్టుబడి 100 కోట్లే, యంత్రాలూ ఒకటే. మొదటి మిల్లులో యజమానుల సొమ్ము 80 కోట్లు, అప్పు 20. రెండోదానిలో సొంతం 30, అప్పు 70. మొత్తం పెట్టుబడిలో అప్పు వాటాను గేరింగ్ అంటారు. ఇక్కడ అది 20 శాతం, 70 శాతం. అదే అప్పును సొంత సొమ్ముతో భాగిస్తే వచ్చేది డెట్-ఈక్విటీ. మొదటి మిల్లుకు 0.25, రెండోదానికి 2.3.

మంచి ఏడాదిలో రెండు మిల్లులూ 90 కోట్ల నూలు అమ్మాయి. పత్తి, కరెంటు వంటి అమ్మకాలను బట్టి మారే ఖర్చులు 60 కోట్లు. జీతాలు, తరుగుదల వంటి మారని ఖర్చులు 14. మిగిలింది 16 కోట్లు. వడ్డీ 10 శాతం అనుకుంటే, మొదటి మిల్లుకు వడ్డీ పోను 14 కోట్లు, అంటే సొంత సొమ్ముపై 17.5 శాతం. రెండోదానికి మిగిలేది 9 కోట్లే అయినా, పెట్టింది 30 కోట్లే కాబట్టి ఏకంగా 30 శాతం! మంచి రోజుల్లో పత్రికలు పొగిడేది రెండో యజమానినే.

మరుసటి ఏడాది నూలుకు గిరాకీ పడిపోయి అమ్మకాలు మూడో వంతు తగ్గి 60 కోట్లయ్యాయి. పత్తి, కరెంటు ఖర్చు 40కి దిగింది కానీ, ఆ 14 కోట్లు కదల్లేదు. మిగిలింది 6 కోట్లు. మొదటి మిల్లు 2 కోట్ల వడ్డీ కట్టి నిలబడింది. రెండోది 7 కోట్లు కట్టాలి, చేతిలో ఉన్నది 6. వడ్డీకి ముందు లాభాన్ని వడ్డీతో భాగిస్తే వచ్చే ‘ఇంటరెస్ట్ కవర్’ చెప్పేది ఇదే. మంచి ఏడాదిలో మొదటి మిల్లుకు అది 8, రెండోదానికి 2.3. అంటే రెండో మిల్లు లాభం 56 శాతం పడితే చాలు, వడ్డీకి కటకట మొదలవుతుంది. పైగా అసలు వాయిదాలు ఈ లెక్కలోకి రావు. కవర్ 1 కన్నా కాస్త ఎక్కువ ఉన్నా ఆ వాయిదాకు డబ్బు లేకపోవచ్చు.

ల్యాంకో విషయంలో ఏడాది మందగించడమంటే గిరాకీ తగ్గడం కాదు, గ్యాస్ ఆగిపోవడం. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రంలో ఉత్పత్తి 2010 తర్వాత వేగంగా పడిపోయి, 2013కల్లా అక్కడి నుంచి విద్యుత్ కేంద్రాలకు సరఫరా నిలిచిపోయింది. విజయవాడ పక్కన కొండపల్లిలోని ల్యాంకో ప్లాంటుకు ఇంధనం కరువైంది. అదే కాలంలో ఆస్ట్రేలియాలో కొన్న గ్రిఫిన్ బొగ్గు కంపెనీ భారమూ నెత్తిన ఉంది. మీటరు తిరగకపోయినా బ్యాంకు వడ్డీ తిరుగుతూనే ఉంటుంది. 2017లో రిజర్వు బ్యాంకు దివాలా ప్రక్రియకు పంపమన్న తొలి 12 భారీ బకాయిదారుల్లో ఆ కంపెనీ ఒకటి.

ఇలాంటి నిర్మాణ కంపెనీల విషయంలో ఇంటరెస్ట్ కవర్‌ను గుడ్డిగా నమ్మలేం. ప్లాంటు కడుతున్నంత కాలం దానిపై వడ్డీని ఖర్చుగా రాయరు. ఆస్తి ఖరీదులో కలుపుతారు. నిబంధనలు ఒప్పుకున్న పద్ధతే అది. కానీ ఆ ఏళ్లలో లాభనష్టాల పట్టికలో కనిపించే వడ్డీ, నిజంగా పెరుగుతున్న వడ్డీలో ఒక ముక్క మాత్రమే. ప్లాంటు మొదలైన రోజు నుంచి వడ్డీ మొత్తం, దానితోపాటు తరుగుదల, ఒక్కసారిగా లాభం మీద పడతాయి. అప్పుడే గ్యాస్ లేకపోతే? అందుకే వార్షిక నివేదికలో ఫైనాన్స్ కాస్ట్ దగ్గర ఆగిపోకుండా, కింది నోట్సులో ‘క్యాపిటలైజ్ చేసిన వడ్డీ’ ఎంతో వెతికి, రెండూ కలిపి భాగించి చూడాలి.

మాతృసంస్థ అప్పు తెచ్చి అనుబంధ సంస్థలో ఈక్విటీగా పెడితే డెట్-ఈక్విటీ కూడా ఇలాగే మోసగిస్తుంది. కింది కంపెనీ ఖాతాలో అది సొంత సొమ్ములా కనిపిస్తుంది. గ్రూపు మొత్తానికి వేసిన కన్సాలిడేటెడ్ లెక్కల్లోనే ఆ ముసుగు తొలగుతుంది.